అన్నదమ్ముల దగ్గర తేలిన తప్పు: జంటగా చదివి సంధి సూత్రాలు నిలబెట్టుకున్న ఇద్దరి కథ

ఆ ఇద్దరూ సంధి సూత్రాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పారు. ఉత్వ సంధి అడిగితే ఉత్వ సంధి, గసడదవాదేశం అడిగితే గసడదవాదేశం, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ వెంటనే కలిసిపోయిన 20 పదాలు కాగితం మీద రాసి ఇచ్చి, విడదీసి సంధి పేరు రాయమన్నాను. ఒకరికి 11 సరిపోయాయి, మరొకరికి 12. సూత్రం రాదా అంటే వచ్చు. పదం కనిపించినప్పుడు ఏ సూత్రం పట్టుకోవాలో మాత్రం తెలియదు. పోటీ పరీక్షలకు చదివే పెద్దవాళ్లకు నేను వ్యాకరణం చెబుతాను. ఈ జబ్బు ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను. దానికి నాకు దొరికిన మందుల్లో బాగా పనిచేసింది ఇద్దరిని జతచేసి కూర్చోబెట్టి, ఒకరినొకరు ప్రశ్నించుకోమనడం, సూత్రాన్ని సొంత మాటల్లో పైకి చెప్పమనడం. అది పనిచేసిన తీరు, మధ్యలో చెడిపోయి మళ్లీ దారికి వచ్చిన తీరు ఈ జంట విషయంలో నాకు స్పష్టంగా కనిపించాయి. అందుకే రాస్తున్నాను.

ఆమెకు నలభై దాటాయి. చదువు ఆపి చాలా కాలమైంది, పట్టుదల ఎక్కువ, నోట్సు ముత్యాల్లా రాస్తుంది. అతను పాతికేళ్లవాడు. చురుకైనవాడే గానీ పుస్తకం ఒకసారి తిరగేస్తే వచ్చేసిందనుకునే రకం. తరగతిలో అందరూ ఆమెను అక్కా అని పిలిచేవారు, అతను కూడా అంతే. ఆమె అతన్ని తమ్ముడూ అనేది. ఇక్కడా వాళ్లను అక్క, తమ్ముడు అనే పిలుస్తాను. పరీక్షకు ఆరు వారాలుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 50 నిమిషాలు కలిసి కూర్చోవాలని ఒప్పందం. అలా కలిసి కూర్చున్న ఒక్కో సారిని ఇక్కడ కూర్పు అంటాను. వారానికి ఒక కూర్పులో నేను పక్కన కూర్చుని వింటాను, అడిగితే తప్ప మాట్లాడను.

మొదటి వారం చెప్పినదంతా బాగున్నట్టే కనిపించింది

తొలి మూడు కూర్పుల్లో వాళ్లు చేసింది ఇది: అక్క పుస్తకం తెరిచి పట్టుకుని "ఇత్వ సంధి చెప్పు తమ్ముడూ" అనేది. అతను చెప్పేవాడు. ఎక్కడైనా ఆగితే ఆమె తర్వాతి మాట అందించేది. "ఏమ్యాదుల..." అని అతను తడబడితే "ఇత్తునకు" అని ఆమె అందుకునేది, అతను "ఆ, ఇత్తునకు సంధి వైకల్పికముగానగు" అని ముగించేవాడు. ఏమ్యాదులంటే ఏమి మొదలైన పదాలు, ఇత్తంటే హ్రస్వ ఇకారం. ఇద్దరికీ తృప్తి. తర్వాత వంతు మారేది. పుస్తకంలో ఇత్వ సంధి కింద ఉన్న ఉదాహరణలు వరసగా అడిగేవారు, అన్నీ ఇత్వ సంధే అవుతాయి కాబట్టి అన్నీ సరిపోయేవి.

వినేవారికి ఇది చదువులాగే వినిపిస్తుంది. కానీ ఇందులో గుర్తుతెచ్చుకునే పని ఎవరూ చేయలేదు. ఆగిన చోట మాట అందించడం మంచితనం, కానీ ఆ ఆగిన క్షణమే అసలు పని జరగాల్సిన క్షణం. జ్ఞాపకంలో ఉన్నదాన్ని వెతికి పైకి లాగాలి. ఎదుటివారు అందించిన మాటను "ఆ, అదే" అని గుర్తుపట్టడం వేరు, ఏ ఆసరా లేకుండా దాన్ని తెచ్చుకోవడం వేరు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో ఈ తేడాను చక్కగా చూపారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. రెండు రోజులకు, వారానికి పెట్టిన పరీక్షల్లో మాత్రం, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారే ముందున్నారు. మొదటి వారం తృప్తి ఎందుకు నమ్మదగింది కాదో దీనివల్ల తెలుస్తుంది. అప్పుడే చదివి అప్పుడే చెప్పినది బాగా వచ్చినట్టే ఉంటుంది.

అందుకని రెండో వారం మొదట్లో ఒకే ఒక నియమం పెట్టాను. ఎదుటివారు ఆగితే అడిగేవారు మనసులో పది అంకెలు లెక్కపెట్టాలి. నోరు మెదపకూడదు. పది దాటాక కూడా రాకపోతే జవాబు చెప్పకుండా ఒక చిన్న ప్రశ్న మాత్రమే వేయాలి: "మొదటి పదం చివర ఏముంది?" ఆ ప్రశ్నకూ రాకపోతే అప్పుడు జవాబు చెప్పి, ఆ పదాన్ని విడిగా ఒక కాగితం మీద రాసుకోవాలి. అక్కకు ఇది చాలా కష్టమైంది. పది లెక్కపెట్టేలోపు ఆమె పెదవులు కదిలేవి. తమ్ముడికి ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉండేది. కానీ రెండు కూర్పులయ్యాక అతనే అన్నాడు, "అక్కా, మీరు చెప్పకపోతేనే నాకు తట్టుతోంది" అని.

బహుళం అంటే ఏమిటి?

పైకి చెప్పడంలో ఉన్న అసలు బలం నాకు రెండో వారం చివర కనిపించింది. తమ్ముడు అత్వ సంధి చెప్పాడు: "అత్తునకు సంధి బహుళముగానగు." అత్తంటే హ్రస్వ అకారం. తడుముకోలేదు. అక్క ఆ రోజు పుస్తకం మూసి పెట్టి అడిగింది.

"బహుళంగా అంటే ఏమిటి తమ్ముడూ?"

"అంటే... ఎక్కువగా, సాధారణంగా అవుతుందని."

"మరి వైకల్పికం అంటే?"

"అది కూడా అంతే కదా. అవ్వచ్చు, అవకపోవచ్చు."

"రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు పెట్టారు?"

అతను నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. నాలుగేళ్లుగా ఆ సూత్రం అతని నోట్లో నలుగుతూనే ఉంది, కానీ అందులోని ముఖ్యమైన మాటకు అర్థం అతనికి తెలియదని ఆ క్షణం వరకు అతనికీ తెలియదు. ఒంటరిగా చదివినప్పుడు సూత్రం మొత్తం ఒకే శబ్దంగా సాగిపోతుంది, మధ్యలో ఆగి "ఇదేమిటి" అని అడిగే మనిషి ఉండడు. ఎదుటి మనిషికి చెప్పేటప్పుడు మాత్రం ప్రతి మాటా నిలదీసే వీలుంటుంది.

అక్కకూ అప్పటికి జవాబు పూర్తిగా తెలియదు. అడగాలని మాత్రం ఆమెకు తోచింది. ఇద్దరూ పుస్తకం వెతికి తర్వాతి కూర్పుకు సిద్ధమై రావాలని చెప్పాను. ఈసారి చెప్పింది అక్క. ఆమె చెప్పినది ఇంచుమించు ఇలా సాగింది: వైకల్పికమంటే రెండే దారులు, సంధి జరిగిన రూపమూ సరైనదే, జరగని రూపమూ సరైనదే. ఏమి, అంటివి కలిస్తే ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనవచ్చు. బహుళం దానికంటే పెద్దది, దాని కింద నాలుగు ఇమిడి ఉంటాయి. కొన్ని చోట్ల సంధి తప్పకుండా జరుగుతుంది, రామ, అయ్య కలిసి రామయ్య అయినట్టు. కొన్ని చోట్ల వికల్పంగా జరుగుతుంది, మేనల్లుడు, మేనయల్లుడు అన్నట్టు. కొన్ని చోట్ల అసలు జరగదు, అమ్మ, ఇచ్చెను కలిస్తే అమ్మయిచ్చెను అవుతుంది. ఇంకొన్ని చోట్ల సంధికి బదులు మరేదో జరుగుతుంది, ఒక, ఒక కలిసి ఒకానొక అయినట్టు.

ఆమె ముగించగానే తమ్ముడు వెంటనే "అంటే వైకల్పికం బహుళంలో ఒక భాగం అన్నమాట" అన్నాడు. పుస్తకంలో ఆ వాక్యం లేదు. అది అతను కట్టుకున్న వాక్యం. ఆ తర్వాత ఆ సూత్రం విషయంలో అతను మళ్లీ తప్పు చేయడం నేను చూడలేదు.

ఇది చూశాక పైకి చెప్పే పద్ధతికి ఒక రూపం ఇచ్చాను. సూత్రాన్ని మొదట పుస్తకం మాటల్లో చెప్పవచ్చు, అభ్యంతరం లేదు. తర్వాత మాత్రం దాన్ని మూడు ముక్కలుగా విప్పాలి: మొదటి పదం ఎలాంటిదై ఉండాలి, రెండో పదం దేనితో మొదలవాలి, కలిసినప్పుడు ఏం మారుతుంది. ఆ మూడూ అయ్యాక ఇంకొకటి చెప్పాలి: ఈ సూత్రంలాగే కనిపిస్తూ, ఇది కాని ఒక పదం. ఈ నాలుగోది వింటేనే నాకు మనిషికి ఎంత తెలుసో అర్థమవుతుంది. మొదటి మూడు ముక్కలు బట్టీ పట్టి కూడా చెప్పవచ్చు. "ఇది ఎందుకు కాదు" అన్నది బట్టీకి అందదు.

ఇద్దరూ ఒకే తప్పు చేసినప్పుడు

మూడో వారంలో పద్ధతి గట్టిగా దెబ్బతిన్నది. జంటగా చదివేవారికి ఎదురయ్యే ప్రమాదాల్లో ఇది అతి పెద్దదని నా అనుభవం, అందుకే వివరంగా చెబుతాను.

నేను లేని ఒక కూర్పులో అక్క "అన్నదమ్ములు" అడిగింది. తమ్ముడు చెప్పాడు: "అన్న, తమ్ముడు. తకారం దకారమైంది. త పరుషం, ద సరళం. సరళాదేశ సంధి." అక్క "సరే" అంది, ఆమె కూడా అదే అనుకుంటోంది కాబట్టి. ఆ తర్వాత తల్లిదండ్రులు వచ్చింది, కూరగాయలు వచ్చింది. అన్నిటికీ సరళాదేశమే. వారం పాటు ఒకరికొకరు సరేనని చెప్పుకుంటూ తప్పును గట్టిపరచుకున్నారు. గుర్తుతెచ్చుకోవడం జ్ఞాపకాన్ని నిలబెడుతుందంటే తప్పును కూడా నిలబెడుతుంది. పక్కవాడు తలూపితే ఇంకా గట్టిగా నిలబడుతుంది. వారం చివర నేను విన్నప్పుడు ఇద్దరూ ఏ సందేహం లేకుండా చెప్పారు.

నేను అడిగింది ఒకటే. "ఊరువల్లెలు కూడా సరళాదేశమేనా?"

తమ్ముడు విడదీశాడు. "ఊరు, పల్లె. పకారం..." అని ఆగాడు. పకారానికి సరళం బకారం. ఇక్కడ వచ్చింది వకారం. పది లెక్కపెట్టేంత నిశ్శబ్దం. ఈసారి అక్కే కాగితం తీసుకుని మూడు వరసలు ఒకదాని కింద ఒకటి రాసింది:

క చ ట త ప
గ జ డ ద బ
గ స డ ద వ

మొదటి వరస పరుషాలు. రెండోది సరళాలు, సరళాదేశంలో వచ్చేవి. మూడోది గసడదవలు. ఆ కాగితాన్ని ఇద్దరూ చాలాసేపు చూశారు. అక్క పెన్సిలుతో గ కింద గ, డ కింద డ, ద కింద ద చుట్టి, "మూడు చోట్ల రెండూ ఒకటే" అంది. చకారానికి, పకారానికి మాత్రమే ఫలితంలో తేడా వస్తుంది: ఒకదానిలో జ, బ, మరొకదానిలో స, వ. మిగిలిన మూడింటికీ ఫలితం చూసి సంధి పేరు చెప్పడం కుదరదు.

అప్పటివరకు ఇద్దరూ చేస్తున్నది అదే. మారిన అక్షరం చూసి పేరు చెప్పడం. కాబట్టి త ద అయిన ప్రతి చోటా పేరు ఊహ మీద నడిచింది. చూడాల్సింది రెండో పదం కాదు, మొదటి పదం. సరళాదేశం జరగాలంటే మొదటి పదం ద్రుతప్రకృతికం కావాలి, అంటే చివర ద్రుతమనే నకారం ఉండే పదం. పూచెను, కలువలు కలిస్తే పూచెంగలువలు అవుతుంది, ఎందుకంటే పూచెను చివర ఆ నకారం ఉంది. తోచెను, చుక్కలు కలిస్తే తోచెంజుక్కలు. ఇక్కడ జ వచ్చింది కాబట్టి అక్షరం కూడా సాక్ష్యం చెబుతుంది. గసడదవాదేశంలో అలా కాదు. మొదటి పదం ప్రథమా విభక్తిలో ఉంటుంది: వాడు, కొట్టె కలిసి వాడుగొట్టె, వారు, పోరు కలిసి వారువోరు. లేదా రెండు పదాలూ ద్వంద్వ సమాసంలో జతపడి ఉంటాయి. అన్న, తమ్ముడు ద్వంద్వమే. తల్లి, తండ్రి ద్వంద్వమే. కూర, కాయ కూడా అంతే. వీటిలో వేటికీ ద్రుతం లేదు.

తమ్ముడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "మాస్టారూ, వాడుగొట్టెలో గ చూసి చెప్పలేం, సరే. పూచెంగలువలులో సున్నా ఉంది కదా, అది చూసి చెప్పవచ్చా?" చెప్పవచ్చు. సరళం వచ్చాక దాని ముందున్న ద్రుతం సున్నాగానో, అరసున్నాగానో, కింది హల్లుతో కలిసో కనిపించవచ్చు. అది కనిపిస్తే సరళాదేశమే. కానీ కనిపించని రూపాలూ ఉంటాయి కాబట్టి దాని మీదే ఆధారపడకూడదు. మొదటి పదాన్ని చూడడం అలవాటు చేసుకోవాలి.

ఈ తప్పు బయటపడ్డాక పద్ధతిలో రెండు మార్పులు చేశాం.

మొదటిది చీటీలు. జవాబు ఒప్పుకునే అధికారం ఎదుటి మనిషికి ఉండకూడదు, పుస్తకానికి ఉండాలి. ప్రతి ఒక్కరూ రెండోవారి కోసం కూర్పుకు ఎనిమిది చీటీలు తయారు చేసి తేవాలి. ముందువైపు కలిసిన పదం మాత్రమే ఉంటుంది. వెనకవైపు విడదీసిన రూపం, సంధి పేరు, పుస్తకంలో పుట సంఖ్య, చివర "ఇది ఫలానా సంధి ఎందుకు కాదు" అని ఒక వాక్యం. పుట సంఖ్య లేని చీటీ చెల్లదు. చీటీ తయారుచేసేటప్పుడే తయారుచేసేవారు సగం నేర్చుకుంటారు, ముఖ్యంగా ఆ చివరి వాక్యం రాయడానికి తల పట్టుకోవాలి. అన్నదమ్ములు చీటీ వెనక అక్క రాసింది ఇది: "సరళాదేశం కాదు. అన్న ద్రుతాంతం కాదు. ఊరువల్లెలు లాగా ఇదీ ద్వంద్వం."

రెండోది, నోటితో చెప్పే ముందు రాయడం. అడిగేవారు చీటీ చూపగానే, చెప్పేవారు సంధి పేరు చిన్న కాగితం మీద రాసి బోర్లించి పెట్టాలి. అడిగేవారు కూడా చీటీ తిప్పకుండా తమ జవాబు రాసి బోర్లించాలి. రెండు కాగితాలూ తిప్పాక మాట మొదలవుతుంది. ఇలా చేయకపోతే ఒకరు నోరు తెరవగానే రెండోవారికి తమ జవాబు ఏదో మరచిపోయి, విన్నదే తమదనిపిస్తుంది. రాస్తే ఆ మోసం ఉండదు. ఇద్దరి జవాబులు వేరైతే వాదన జరగాలి, వాదన ముగిశాకే చీటీ తిప్పాలి. ఇద్దరి జవాబులూ ఒకటై, చీటీ వెనక వేరేది ఉంటే ఆ చీటీని ఎర్ర సిరాతో గుర్తుపెట్టాలి. ఆరు వారాల్లో అలాంటి ఎర్ర చీటీలు ఏడు వచ్చాయి. నేను వినే కూర్పులో మొదట చూసేది వాటినే. జంటగా చదివే ఇద్దరికి తెలియనిది ఎక్కడ ఉందో అవే చెబుతాయి.

కలగలిపి అడగడం

మొదటి వారంలో ఒక సంధి కింద ఉదాహరణలన్నీ వరసగా అడిగేవారని చెప్పాను కదా. చీటీలు వచ్చాక వాటిని కలిపి పేర్చమన్నాను. ఉత్వం తర్వాత సరళాదేశం, దాని తర్వాత యడాగమం, మళ్లీ ఉత్వం. వెంటనే ఇద్దరికీ తప్పులు పెరిగాయి. ఒక కూర్పులో అక్క 16 చీటీల్లో 7 తప్పు చేసి, "వెనక్కి పోతున్నాను మాస్టారూ" అని దిగులుపడింది. ఇలా కావడం సహజమే. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో లెక్కల విద్యార్థులతో ఇదే చూశారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవారు అభ్యాసంలో మెరుగ్గా కనిపించారు, కలగలిపి చేసినవారు వారం తర్వాత పరీక్షలో వారిని దాటిపోయారు. కారణం సులువే. వరసగా చేసేటప్పుడు ఏ సూత్రం వాడాలో ముందే తెలుసు, వాడడం మాత్రమే మిగులుతుంది. పరీక్షలో మొదటి పని ఏ సూత్రమో గుర్తించడం. అది కలిపి అడిగితే తప్ప అభ్యాసం కాదు.

యడాగమం దగ్గర ఇది బాగా తెలిసింది. సంధి లేని చోట రెండు అచ్చుల మధ్య యకారం వస్తుందన్నది సూత్రం. ఇందులో "సంధి లేని చోట" అన్నది షరతు. కాబట్టి యడాగమం అని జవాబు చెప్పిన ప్రతిసారీ, ఇక్కడ సంధి ఎందుకు లేదో చెప్పాలి. అంటే మరో సూత్రం తెలిసి ఉండాలి. తమ్ముడు వచ్చియుండెను చూసి "యడాగమం" అని సులువుగా అన్నాడు. అక్క "సంధి ఎందుకు జరగలేదు? ఏమంటివిలో ఇకారం పోయిందిగా?" అంది. అతను ఆలోచించి, ఏమంటివిలో ఉన్నది ఏమి అని, అది ఏమ్యాదుల్లో ఉందని, వచ్చి అన్నది క్త్వార్థక క్రియ, అంటే ఒక పని ముగించి అన్న అర్థమిచ్చే అసమాపక క్రియ అని, దాని ఇకారానికి సంధి లేదని చెప్పాడు. మాయమ్మ వచ్చినప్పుడు కారణం ఇంకోటి: మా చివర ఉన్నది దీర్ఘం, అది అత్తు కాదు. యడాగమం పేరు చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఎందుకో చెప్పడానికి ఇత్వ సంధీ, అత్వ సంధీ రెండూ తిరగేయాల్సి వచ్చింది. ఒక్క చీటీ మూడు సూత్రాల పని చేసింది.

తప్పిన చీటీలకు ఒక చిన్న ఏర్పాటు. ఆ రోజు తప్పినవి తర్వాతి కూర్పులో మొదట వస్తాయి. అక్కడ సరిపోతే వారం తర్వాత మరోసారి. అక్కడా సరిపోతే పక్కన పెడతారు. ఆ రోజే ఐదు నిమిషాలకు మళ్లీ అడిగి సరిపోయిందని పక్కన పెట్టడం వద్దన్నాను, అది జ్ఞాపకం కాదు, చెవిలో మిగిలిన ప్రతిధ్వని.

ఈ పద్ధతికి కొన్ని హద్దులున్నాయి. సూత్రాన్ని మొదటిసారి చదవడం ఒంటరిగా, నిదానంగా జరగాలి. చదవని పాఠంతో వచ్చి కూర్చుంటే ప్రశ్నించుకోవడం ఇద్దరి ఊహల మధ్య బేరంగా మారుతుంది. నాలుగో వారంలో తమ్ముడు ఒకసారి అలా వచ్చాడు, ఆ కూర్పు మొత్తం అక్క పాఠం చెప్పడంతోనే సరిపోయింది. ఆమెకు మేలైంది, అతనికి కాలేదు. తెలిసినవారు ముందు చెప్పేస్తే తెలియనివారు వినడంతో ఆగిపోతారు. అప్పటి నుంచి ఎవరికి తక్కువ తెలుసో వాళ్లే మొదట చెప్పాలన్నది నియమం. ఇంకో మాట, ఇద్దరి మధ్య ఉన్న తేడా మరీ ఎక్కువైతే నేను జతచేయను. తక్కువ తెలిసినవారు నాలుగింట్లో మూడు తప్పు చేస్తూ ఉంటే సిగ్గుతో మౌనంగా ఉండిపోతారు, ఆ మౌనాన్ని ఎదుటివారు అర్థమైందనుకుంటారు. వీళ్లిద్దరూ 11, 12 దగ్గర ఉండడం అదృష్టం.

ఐదో వారం చివర వాళ్లు ఎప్పుడూ చూడని 20 పదాలు ఇచ్చాను. అక్కకు 17, తమ్ముడికి 18. త, ద మధ్య, క, గ మధ్య తిరిగే పదాలు ఆరు పెట్టాను, ఇద్దరూ ఆరూ సరిగా చేశారు. ఇద్దరు మనుషులు, రెండు పరీక్షలు. దీని మీద పెద్ద మాట చెప్పను. ఆ రోజు సంఖ్యల కంటే నేను శ్రద్ధగా చూసింది వాళ్ల కాగితాల అంచులను. ప్రతి పదం పక్కనా ఇద్దరూ మొదటి పదాన్ని విడిగా రాసుకుని, దాని కింద ఒక చిన్న గీత గీశారు. మొదటి రోజు కాగితాల్లో ఆ గీత ఒక్కటి కూడా లేదు.

ఆఖరి కూర్పు వరకూ తమ్ముడిని వేధించిన చీటీ దూతయితడు. యడాగమం అని ప్రతిసారీ చెప్పేవాడు, ఎందుకు సంధి లేదంటే తడబడేవాడు. దూత చివర అత్తే, మేనల్లుడులో ఉన్నదీ అత్తే. ఆఖరి రోజు అతను కాగితం బోర్లించి, తనే మొదలుపెట్టాడు.

"దూత తత్సమం. తత్సమాల అత్తుకు సంధి లేదు. మేన తత్సమం కాదు, మేను మన తెలుగు పదం."

అక్క వదల్లేదు. "ఇంకో ఉదాహరణ, పుస్తకంలో లేనిది చెప్పు."

అతను కొంచెం ఆలోచించి, "సీతయిచ్చెను" అన్నాడు. వెంటనే నా వైపు తిరిగాడు. "మాస్టారూ, సీత తత్సమం, స్త్రీవాచకం కూడా. స్త్రీవాచకాల అత్తుకూ సంధి లేదు కదా. పరీక్షలో ఏ కారణం రాయాలి?"

రెండూ రాయమన్నాను.